బాస్కెట్‌కి ఎంత పొడి పట్టాలో అంతే వేయండి: ఇంట్లో ఎస్ప్రెస్సో డోస్ తేల్చుకునే పద్ధతి

ఇంట్లో ఎస్ప్రెస్సో మెషీన్ పెట్టుకున్నవాళ్ళు షాట్ సరిగ్గా రాకపోతే ముందు గింజల్ని అనుమానిస్తారు, తర్వాత గ్రైండర్‌ని, చివరికి మెషీన్‌ని. పొడి వేసుకునే ఆ చిన్న స్టీలు బాస్కెట్‌ని మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు. నిజానికి మీరు ఎన్ని గ్రాములు వాడాలో తేల్చేది అదే. వీడియోలో ఎవరో 18 గ్రాములు వేశారని మీరూ 18 వేస్తే, వాళ్ళ బాస్కెట్ లోతు, మీ బాస్కెట్ లోతు ఒకటే అయితే సరిపోతుంది, లేకపోతే ఎన్నాళ్ళు గ్రైండర్ తిప్పినా కాఫీ కుదరదు.

మనలో చాలామందికి ఫిల్టర్ కాఫీ అలవాటు కాబట్టి ఇంకో చిక్కు కూడా ఉంది. డికాక్షన్ చిక్కగా కావాలంటే ఇంకో చెంచా పొడి వేయడం మన చేతికి వచ్చేసిన పని, ఫిల్టర్‌లో అది చెల్లుతుంది కూడా, ఎందుకంటే అక్కడ నీళ్ళు వాటి బరువుకే నెమ్మదిగా దిగుతాయి, పొడి పైన బోలెడంత జాగా ఉంటుంది. ఎస్ప్రెస్సోలో నీళ్ళు సుమారు 9 బార్ల ఒత్తిడితో వస్తాయి, పొడికి పైన కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే నీళ్ళు దిగే రంధ్రాల రేకు, అంటే షవర్ స్క్రీన్ ఉంటుంది. ఆ కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ పోయినా, మరీ పెరిగిపోయినా కాఫీ పాడవుతుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ ఖాళీని ఎలా కొలవాలి, దాన్నిబట్టి డోస్ ఎలా ఖాయం చేసుకోవాలి అన్నదే.

ముందు మీ దగ్గర ఏ బాస్కెట్ ఉందో చూడండి

మెషీన్‌కి బిగించే హ్యాండిల్ ఉన్న భాగం, అంటే పోర్టాఫిల్టర్‌లోంచి బాస్కెట్‌ని బయటికి తీయండి. లోపల ఒక సన్నటి తీగ స్ప్రింగ్ దాన్ని పట్టుకుని ఉంటుంది, చెంచా కాడతో అంచు కింద నుంచి మెల్లగా ఎత్తితే ఊడి వస్తుంది. ఇప్పుడు దాన్ని వెలుతురు వైపు పెట్టి అడుగు చూడండి. అడుగంతా సన్నటి రంధ్రాలు ఉండి వాటిలోంచి వెలుతురు కనిపిస్తే అది మామూలు బాస్కెట్, సింగిల్ వాల్ అంటారు. లోపల వైపు రంధ్రాలు చాలా ఉన్నా బయట వైపు ఒకే ఒక్క చిన్న రంధ్రం ఉంటే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్, డబుల్ వాల్ అని కూడా అంటారు. దాంట్లో ఒత్తిడి పుట్టేది ఆ ఒక్క రంధ్రం దగ్గరే కాబట్టి డోస్‌లో అటూ ఇటూ అయినా అది చాలావరకు కప్పిపుచ్చుతుంది, నురగ కూడా ఎలాగోలా వస్తుంది. గ్రైండర్ లేకుండా షాపులో కొన్న పొడితో చేసుకునేవాళ్ళకి అదే నయం. దాంట్లో కూడా పొడి స్క్రీన్‌కి తగిలేంత వేయకూడదు, ఆ జాగ్రత్త ఒక్కటి చాలు. ఇక్కడి నుంచి నేను చెప్పేది సింగిల్ వాల్ బాస్కెట్ గురించి.

తర్వాత వ్యాసం. కేఫుల్లో వాడే మెషీన్లు చాలావరకు 58 మిల్లీమీటర్లవి, గాజియా క్లాసిక్, రాన్సిలియో సిల్వియా లాంటి ఇంటి మెషీన్లు కూడా అంతే. బ్రెవిల్ బాంబినో, బారిస్టా ఎక్స్‌ప్రెస్ 54. డెలాంగీ డెడికా 51. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ డోస్ దగ్గర బాగా తెలుస్తుంది. 58 బాస్కెట్‌లో ఒక గ్రాము పొడి ఎక్కువైతే నొక్కాక ఎత్తు ఇంచుమించు ముప్పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. 51 బాస్కెట్ ఇరుకు కాబట్టి అదే గ్రాముకి ఎత్తు ఇంకో పాతిక శాతం పైగా పెరుగుతుంది. మనం మాట్లాడుకుంటున్న ఖాళీయే రెండు మూడు మిల్లీమీటర్లు, అంటే చిన్న మెషీన్ ఉన్నవాళ్ళు గ్రాము విషయంలో మరింత కచ్చితంగా ఉండాలి.

ఇక బాస్కెట్ మీద అంకె ఉందేమో చూడండి. వీఎస్‌టీ లాంటి కంపెనీల బాస్కెట్లు 15, 18, 20, 22 గ్రాములని సైజు చెప్పి అమ్ముతారు, ఆ అంకెకి ఒక గ్రాము అటూ ఇటూ వాడుకోమని దాని అర్థం. 18 బాస్కెట్ అంటే 17 నుంచి 19. మెషీన్‌తో పాటు వచ్చే బాస్కెట్ల మీద తరచుగా ఏ అంకే ఉండదు. డబ్బాలోని మాన్యువల్‌లో డబుల్‌కి ఎన్ని గ్రాములో రాసి ఉంటే మీ మొదటి అంకె అదే. అదీ లేకపోతే మామూలు డబుల్ బాస్కెట్‌కి 58లో 16, 54లో 16, 51లో 14 గ్రాములతో మొదలుపెట్టండి. ఇవి కేవలం మొదలుపెట్టడానికే, అసలు అంకె మీ మెషీనే చెప్తుంది.

గ్రాములు తూచాలి, కళ్ళతో కాదు

0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు ఒకటి కావాలి. అది లేకుండా ఇక్కడి నుంచి ముందుకు పోవడం దండగ, ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. మెషీన్‌తో ఇచ్చే ప్లాస్టిక్ చెంచాతో కొలిస్తే అదే చెంచాలో ఒక రోస్ట్ 7 గ్రాములు పడుతుంది, ఇంకో రోస్ట్ 8 పడుతుంది. అంచు దాకా నింపి వేలితో చదును చేసే పద్ధతి కూడా అంతే, పొడి ఎంత గుల్లగా పడిందన్న దాన్నిబట్టి రోజుకో బరువు వస్తుంది. గ్రైండర్‌లో టైమర్ ఉన్నవాళ్ళు కూడా నమ్మొద్దు, గ్రైండ్ సన్నగా చేసిన ప్రతిసారీ అదే సెకన్లకి తక్కువ పొడి పడుతుంది. మంచి పద్ధతి ఏమిటంటే గింజల్నే తూచి, అన్నీ ఆడించి, బాస్కెట్‌లో పడ్డాక ఒకసారి మళ్ళీ తూచడం. గ్రైండర్ లోపల అర గ్రాము ఆగిపోవడం మామూలే.

నాణెం పరీక్ష

మెషీన్ బాగా వేడెక్కాక, మీరు మొదలుపెట్టాలనుకున్న డోస్‌ని బాస్కెట్‌లో వేసి, ఉండలు లేకుండా కలిపి, సమంగా పరిచి, ట్యాంపర్‌తో నొక్కండి. ఇప్పుడు ఒక రూపాయి బిళ్ళని సబ్బుతో కడిగి, తుడిచి, ఆ పొడి మధ్యలో పెట్టండి. పోర్టాఫిల్టర్‌ని గ్రూప్ హెడ్‌కి ఎప్పటిలాగే పూర్తిగా బిగించండి. పంప్ ఆన్ చేయొద్దు. అలాగే విప్పి తీసి, బిళ్ళ ఎత్తి పొడి వైపు చూడండి.

ఇప్పటి రూపాయి బిళ్ళ మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. బిళ్ళ పొడిలోకి దిగి గుండ్రంగా గుంత చేసిందంటే మీ ఖాళీ అంతకంటే తక్కువన్నమాట, డోస్ ఎక్కువైంది. అర గ్రాము తగ్గించి మళ్ళీ చూడండి. బిళ్ళ పెట్టింది పెట్టినట్టు ఉండి కింద గుర్తు పడకపోతే ఒక దాని మీద ఒకటి రెండు బిళ్ళలు పెట్టి అదే పని చేయండి. రెండు పెట్టినప్పుడు కొద్దిగా గుర్తు పడితే మీ ఖాళీ ఒకటిన్నరకీ మూడుకీ మధ్య ఉంది, అక్కడ ఆగండి, అది మంచి చోటు. మూడు బిళ్ళలు పెట్టినా ఏమీ తగలకపోతే ఖాళీ నాలుగున్నర మిల్లీమీటర్లు దాటింది, ఆ బాస్కెట్‌కి మీరు వేసింది తక్కువ. అర గ్రాము చొప్పున పెంచుకుంటూ రండి. పరీక్ష చేసిన పొడిని పారేయక్కర్లేదు, తడవలేదు కాబట్టి చెదరగొట్టి మళ్ళీ నొక్కుకోవచ్చు.

ఒక చిన్న సంగతి. కొన్ని మెషీన్లలో షవర్ స్క్రీన్‌ని మధ్యలో ఒక స్క్రూ పట్టుకుని ఉంటుంది, దాని తల కిందికి పొడుచుకుని ఉంటుంది. ముందే చెప్పిన గాజియా, సిల్వియాల్లో మీరు దాన్ని చూడొచ్చు. అలాంటి మెషీన్లలో పొడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఆ స్క్రూయే. బిళ్ళని మధ్యలోనే పెట్టమన్నది అందుకే, పైగా మధ్యలో ఉంటే పోర్టాఫిల్టర్ తిప్పేటప్పుడు బిళ్ళ పక్కకి కొట్టుకుపోదు.

బాస్కెట్‌లో నొక్కిన పొడి ముద్దని పక్ అంటారు. షాట్ అయ్యాక మిగిలే తడి పక్ మీద స్క్రీన్ అచ్చు పడిందని డోస్ ఎక్కువైందనుకుంటారు చాలామంది. అది సరైన గుర్తు కాదు. పొడి తడిశాక ఉబ్బుతుంది, పంప్ ఆగి ఒత్తిడి వాల్వ్ గుండా బయటికి పోయేటప్పుడు పక్ పైకి లేచి స్క్రీన్‌కి అంటుకోవచ్చు కూడా. డోస్ సరిగ్గా ఉన్నా అచ్చు పడొచ్చు. తీర్పు ఎప్పుడూ పొడి మీద చేసిన పరీక్షదే.

ఎక్కువ వేస్తే లోపల ఏం జరుగుతుంది

మీరు శ్రద్ధగా పరిచి, సమంగా నొక్కిన పొడి స్క్రీన్‌కి తగులుతుంటే, పోర్టాఫిల్టర్‌ని బిగించేటప్పుడు ఆ స్క్రీన్ పొడి పైభాగాన్ని గట్టిగా రుద్దుతూ తిప్పుతుంది. ఇంకా ఒక్క చుక్క నీళ్ళు పడకముందే పక్ పగుళ్ళిచ్చేస్తుంది, అంచుల దగ్గర గోడ నుంచి విడిపోతుంది. ఒత్తిడితో వచ్చే నీళ్ళకి ఎక్కడ దారి తేలికగా దొరికితే అక్కడికే పోవడం స్వభావం, కాబట్టి అవి ఆ పగుళ్ళలోంచి దూసుకుపోతాయి. చానెలింగ్ అనేది ఇదే. దారి పడిన చోట పొడి సారం అంతా పిండేసినట్టయి చేదు దిగుతుంది, మిగతా చోట పొడి సగం సగం తడిసి పులుపు దిగుతుంది, రెండూ ఒకే కప్పులో. ఒకే గుక్కలో నాలుక మీద పులుపు, గొంతులో చేదు తగిలితే గింజల్ని తిట్టుకోకముందు ఖాళీ కొలవండి.

ఖాళీ ఉండాల్సిన అసలు కారణం ఇంకొకటి ఉంది. స్క్రీన్ నుంచి దిగిన నీళ్ళు ముందు పొడి పైన ఒక పొరలా నిండి, అప్పుడు పొడి అంతటి మీదా సమానంగా ఒత్తిడి పెట్టాలి. తడిసిన పొడి ఉబ్బడానికి కూడా కొంచెం జాగా కావాలి. పైన చోటే లేకపోతే నీళ్ళు స్క్రీన్ రంధ్రాలు ఎదురుగా ఉన్న చోట్లే దిగుతాయి.

మెషీన్‌కి జరిగేది వేరు. పొడి పైకి నెట్టుకుని స్క్రీన్ వెనక్కి పోతుంది, వాల్వ్ ఉన్న మెషీన్లలో షాట్ ఆపగానే వెనక్కి వచ్చే నీళ్ళతో ఆ పొడి వాల్వ్‌లోకి చేరి పేరుకుంటుంది. అంచు మీద మిగిలిన పొడి రబ్బరు గ్యాస్కెట్‌కీ బాస్కెట్‌కీ మధ్య ఇరుక్కుని సీలు సరిగ్గా పడనివ్వదు, అక్కడి నుంచి నీళ్ళు పక్కకి కారతాయి. కారుతోందని ఇంకా బలంగా బిగిస్తారు, దాంతో రబ్బరు అరిగిపోతుంది.

మా బావమరిదికి సరిగ్గా ఇదే జరిగింది. హైదరాబాద్‌లో ఉంటాడు, 58 మిల్లీమీటర్ల మెషీన్. ఒకరోజు ఫోన్ చేసి, "బావా, పోర్టాఫిల్టర్ పక్క నుంచి కాఫీ కారిపోతోంది, గ్యాస్కెట్ పోయినట్టుంది, కొత్తది ఆర్డర్ పెడుతున్నా" అన్నాడు. "ఆర్డర్ సంగతి తర్వాత, ఎన్ని గ్రాములు వేస్తున్నావు?" అని అడిగితే 18 అన్నాడు, అందరూ అంతే కదా అన్నట్టు. బాస్కెట్ మీద అంకె లేదు, మెషీన్‌తో వచ్చిన డబుల్ బాస్కెట్. గింజలు డార్క్ రోస్ట్, అందులో సగం మాన్సూన్డ్ మలబార్. హ్యాండిల్ ఎక్కడ ఆగుతోందని అడిగితే, ఖాళీ బాస్కెట్‌తో బిగిస్తే తిన్నగా మన ఎదురుగా వచ్చి ఆగుతుందట, పొడి వేశాక మాత్రం వేలెడు దూరం ముందే ఆగిపోయి మొరాయిస్తోందట. అక్కడే విషయం సగం తేలిపోయింది.

వీడియో కాల్‌లో బిళ్ళ పెట్టించాను. 18 గ్రాముల దగ్గర బిళ్ళ పూర్తిగా పొడిలో కూరుకుపోయింది. 17 దగ్గర కూడా లోతైన గుంతే. 16 దగ్గర అంచు మాత్రం గీత పడింది. 15.5 దగ్గర బిళ్ళ కింద పొడి చెక్కు చెదరలేదు, రెండో బిళ్ళ పెడితే తగిలింది. అతని బాస్కెట్‌కి ఆ గింజలతో డోస్ 15.5, అంతే. ఇన్నాళ్ళూ రెండున్నర గ్రాములు అదనంగా కుక్కుతున్నాడు.

ఇక్కడ గమనించాల్సింది గ్రైండర్ సంగతి. అంత పొడి కుక్కితే నీళ్ళు దిగవు కదా, అందుకని అతను గ్రైండ్‌ని లావుగా చేసుకుంటూ పోయాడు, ఎలాగోలా 36 గ్రాముల కాఫీ 28 సెకన్లలో వస్తోంది, లెక్క చూస్తే అంతా బాగున్నట్టే ఉంది. డోస్ ఎక్కువైతే అది లావు గ్రైండ్ చాటున దాక్కుంటుంది. పొడి లావుగా ఉంటే లోపలి సారం నీళ్ళలోకి పూర్తిగా రాదు, కాబట్టి ఎక్కువ కాఫీ వేసి తక్కువ రుచి తాగుతున్నాడు. 15.5 గ్రాములు అదే గ్రైండ్‌తో తీయగానే 31 గ్రాముల కాఫీ పదిహేను సెకన్లలోపే దూకేసింది, అలా దూకుతుందని ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారు పడలేదు. గ్రైండ్‌ని కొద్దికొద్దిగా సన్నం చేసుకుంటూ 27 సెకన్ల దగ్గరికి తెచ్చాడు. స్క్రీన్ విప్పి కడిగి, గ్యాస్కెట్ గాడిలో ఎండిపోయిన పొడిని పాత టూత్ బ్రష్‌తో గీకేశాక కారడం ఆగిపోయింది. పాత గ్యాస్కెట్టే ఇంకా ఉంది.

తక్కువ వేస్తే

దీన్ని తక్కువమంది పట్టించుకుంటారు, కాఫీ ఆదా అవుతుందనో, కెఫీన్ తగ్గించాలనో 18 బాస్కెట్‌లో 14 వేసేవాళ్ళని చూశాను. పక్ పలచబడితే నీళ్ళకి అడ్డం తగ్గుతుంది, షాట్ వేగంగా దిగిపోతుంది, నీళ్ళలా పలచగా, పాలిపోయిన రంగులో, పుల్లగా ఉంటుంది. సరే గ్రైండ్ సన్నం చేసి ఆపుదామంటే ఒక హద్దు దాటాక పొడి మరీ పిండిలా అయి ఉండలు కడుతుంది, పలచటి పక్‌లో ఎక్కడ చిన్న లోపం ఉన్నా నీళ్ళు అక్కడ బొక్క పెట్టేస్తాయి. మందమైన పక్‌లో పైపొరలో లోపం ఉన్నా కిందికి వచ్చేసరికి నీళ్ళు మళ్ళీ సర్దుకునే వీలుంటుంది, పలచటి దాంట్లో ఆ అవకాశం ఉండదు.

పైన ఖాళీ మరీ ఎక్కువైతే ఇంకో ఇబ్బంది. స్క్రీన్ నుంచి పడే నీళ్ళు ఎత్తు నుంచి పొడి మీద పడి, ఇసుక మీద కుళాయి వదిలినట్టు, పైపొరని గుంతలు చేసి చెల్లాచెదురు చేస్తాయి. ఆ గుంతల నుంచే చానెల్ మొదలవుతుంది. షాట్ అయ్యాక విప్పితే పక్ మీద నీళ్ళు నిలిచి బురదలా ఉంటుంది. ఈ బురద గురించి ఒక మాట: బురద దానంతట అది కాఫీని పాడుచేయదు, షాట్ అయిపోయాక ఖాళీలో మిగిలిన నీళ్ళే అవి. ఒత్తిడి వదిలే వాల్వ్ లేని చిన్న మెషీన్లలో డోస్ సరిగ్గా ఉన్నా కొంచెం తడిగానే ఉంటుంది. రుచి బాగుండి, షాట్ సాఫీగా వస్తుంటే దాన్ని వదిలేయండి. వేగంగా దూకుతున్న షాట్, పలచని రుచి, బురద, మూడూ కలిసి కనిపిస్తే అప్పుడు డోస్ తక్కువని అనుకోవచ్చు.

కొన్ని బాస్కెట్ల గోడలు కిందికి పోయేకొద్దీ ఇరుకవుతాయి. వాటిలో డోస్ బాగా తగ్గిస్తే ట్యాంపర్ అంచు పొడికి తగలకముందే గోడకి ఆనుకుంటుంది. మీరు బలంగానే నొక్కుతారు, చేతికి గట్టిగానే తగులుతుంది, కానీ నొక్కుతున్నది గోడని, పొడి గుల్లగానే ఉండిపోతుంది. ట్యాంపర్ ఎత్తి చూస్తే మధ్యలో పొడి నున్నగా కాకుండా గరుకుగా కనిపిస్తుంది.

డోస్ దొరికాక దాన్ని కదపకండి

నాణెం పరీక్షలో దొరికిన అంకెని గింజల ప్యాకెట్ మీద పెన్నుతో రాసుకోండి. ఇక ఆ ప్యాకెట్ అయ్యేవరకు అదే డోస్. షాట్ వేగంగా వస్తే గ్రైండ్ సన్నం చేయాలి, నెమ్మదిగా వస్తే లావు చేయాలి. కప్పులో దిగే కాఫీ డోస్‌కి రెండింతలు, అంటే 16కి 32 గ్రాములు, పంప్ వేసినప్పటి నుంచి 25 నుంచి 30 సెకన్లు అని పెట్టుకుని మొదలుపెట్టి, అక్కడి నుంచి రుచి చూసి జరుపుకోండి. కప్పు కింద కూడా త్రాసు పెట్టుకోండి, నురగని చూసి మిల్లీలీటర్లు అంచనా కడితే తప్పుతుంది.

షాట్ వేగంగా వచ్చిందని ఒక గ్రాము పొడి పెంచడం చాలా సులువుగా కనిపిస్తుంది, నిజంగానే నెమ్మదిస్తుంది కూడా. కానీ అలా చేస్తే మీరు కష్టపడి కొలిచిన ఖాళీని తినేశారు, పైగా దిగే కాఫీ బరువు కూడా మార్చాలి, ఒకేసారి మూడు మారాయి. ఏది ఎందుకు జరిగిందో ఇక తేలదు. రోజు రోజుకీ ఆరిపోతున్న పాత గింజలకి కూడా డోస్ పెంచకుండా గ్రైండ్‌నే కొద్దిగా సన్నం చేయండి.

గింజలు మారితే మాత్రం పరీక్ష మళ్ళీ చేయాల్సిందే. రోస్ట్ నల్లబడేకొద్దీ గింజ ఉబ్బి తేలికవుతుంది, అదే 18 గ్రాములు డార్క్ రోస్ట్‌లో ఎక్కువ ఎత్తు వస్తాయి, లైట్ రోస్ట్‌లో తక్కువ ఎత్తు. మలబార్ తీరంలో వర్షాకాలపు తేమగాలి తగిలేలా పరిచి ఉంచే మాన్సూన్డ్ గింజలైతే పచ్చిగా ఉన్నప్పుడే ఉబ్బిపోతాయి, వాటిని డార్క్‌గా వేయిస్తే బాస్కెట్‌లో ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. మా బావమరిది బాస్కెట్‌నే తీసుకోండి, మలబార్ ప్యాకెట్ అయిపోయాక లైట్‌గా వేయించిన అరకు అరబికా కొన్నాడు, అదే 15.5 వేస్తే మూడు బిళ్ళలు పెట్టినా తగల్లేదు. 17 దాకా పెంచితే సరిపోయింది. ఒకే బాస్కెట్, ఒకే మెషీన్, గింజని బట్టి ఒకటిన్నర గ్రాముల తేడా.

ఎక్కువ కాఫీ కావాలంటే, తక్కువ కావాలంటే

పాలు ఎక్కువ పోసుకుని పెద్ద కప్పు తాగేవాళ్ళకి 16 గ్రాముల షాట్ రుచి ఆ పాలల్లో తెలియదు. అప్పుడు ఉన్న బాస్కెట్‌లో కుక్కకుండా, 20 గ్రాముల బాస్కెట్ కొనుక్కోండి. కొనేముందు రెండు చూసుకోండి. వ్యాసం మీ మెషీన్‌దే అయి ఉండాలి, 54కి 58ది పట్టదు. లోతు కూడా చూడాలి, 20 దాటిన బాస్కెట్లు కొన్ని మూతి ఉన్న పోర్టాఫిల్టర్ అడుక్కి తగిలి పూర్తిగా కూర్చోవు, వాటికి అడుగు లేని పోర్టాఫిల్టర్ కావాలి. కొత్త బాస్కెట్ వచ్చాక పాత గ్రైండ్ సెట్టింగ్ పనికిరాదు, పక్ మందం మారింది కాబట్టి కొంచెం లావు నుంచి మొదలుపెట్టుకోండి.

తక్కువ కావాలనుకునేవాళ్ళు సింగిల్ బాస్కెట్ వైపు చూస్తారు. ఇటలీలో సంప్రదాయంగా ఒక ఎస్ప్రెస్సోకి 7 గ్రాములే, అక్కడి బార్లలో ఆ బాస్కెట్‌తోనే చక్కటి కాఫీ తీస్తారు. కానీ సింగిల్ బాస్కెట్ ఆకారం వేరు, పైన వెడల్పుగా ఉండి సగం నుంచి ఒక్కసారిగా ఇరుకవుతుంది, పొడి ఎక్కువ భాగం ఆ కింది గుంతలో ఉంటుంది. మామూలు ట్యాంపర్ ఆ మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు, కొన్నిటికి కింది గుంతలో పట్టే చిన్న ట్యాంపర్ విడిగా కొనాలి. డబుల్‌కి పెట్టిన గ్రైండ్ దీనికి పనికిరాదు, సన్నం చేయాలి, రోజూ ఉదయం సింగిల్, సాయంత్రం డబుల్ అంటే రోజూ రెండుసార్లు గ్రైండర్ తిప్పడమే. ఇద్దరున్న ఇంట్లో అయితే డబుల్ తీసి రెండు మూతుల పోర్టాఫిల్టర్ కింద రెండు కప్పులు పెట్టడం నాకు తెలిసి అన్నిటికంటే తేలిక. ఒక్కరే అయితే 14 గ్రాముల చిన్న డబుల్ బాస్కెట్ తెచ్చుకోండి. దాంట్లో 14 వేస్తే పక్ పైన ఉండాల్సిన ఖాళీయే ఉంటుంది, మామూలు ట్యాంపరే పడుతుంది, కాఫీ మాత్రం 28 గ్రాములే దిగుతుంది.